పోయొస్తా అన్న మాట

పరదేశిని చేర్చుకోవాలని మా చర్చి సంఘంలో ఏటా ఒక ఆదివారమైనా ప్రసంగం ఉంటుంది. ఆ మాట గ్రంథంలో ఎక్కడెక్కడ ఉందో మా పెద్దలు చూడకుండా చెప్పగలరు. నేనూ చెప్పగలను. మా నాన్న సంగారెడ్డి చుట్టుపక్కల ఊళ్ళలో సువార్తికుడిగా తిరిగిన మనిషి. ఆ వాక్యాలు మాకు అన్నంతోపాటే పెట్టాడు. అందుకే ఈ సంగతి గుర్తుకొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. తెలియనివాళ్ళు చేసి ఉంటే ఊరుకునేదాన్నేమో. ఇది అన్నీ తెలిసినవాళ్ళు చేసిన పని.

నేను పటాన్‌చెరు దగ్గర ఒక విత్తనాల కంపెనీలో, మొలక పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తాను. తడి కాగితం మీద గింజలు వరుసగా పేర్చి, చుట్టచుట్టి, వెచ్చని గదిలో నిలబెట్టి, కొన్నాళ్ళ తర్వాత విప్పి ఎన్ని మొలిచాయో చూడడం నా పని. మా మొక్కజొన్న విత్తనం కెన్యాకు కూడా పోతుంది. అక్కడి వ్యాపార సంస్థ తరఫున ఒక ఏడాది ఇక్కడ ఉండి పరీక్షలు చూసుకోవడానికి ఒకావిడను పంపించారు. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దది. వెలిమెలలో కొత్తగా కట్టిన అపార్ట్‌మెంట్లలో కిరాయికి దిగింది.

వచ్చిన మొదటి వారమే ఆమెకు ఒక కష్టం ఎదురైంది. ల్యాబ్ పక్కన షెడ్డులో యాభై మందికి పైగా ఆడవాళ్ళు చేటలు, పళ్ళేలు ముందేసుకుని రంగు మారిన గింజలూ పుచ్చు గింజలూ ఏరుతుంటారు. ఆమె రోజూ ఆ షెడ్డులోకి వెళ్ళి నమూనాలు తీసుకోవాలి. ఆమె గడపలో కాలు పెట్టగానే మాటలన్నీ ఆగిపోయేవి. ఆమె బయటికి రాగానే మళ్ళీ మొదలయ్యేవి. ఏమనుకుంటున్నారో భాష రాకపోయినా మనిషికి తెలుస్తుంది.

మా మేనేజరుకు చెబితే, "ఇంగ్లీషుంది గదా మేడం. హిందీల రెండు ముక్కలు నేర్చుకుంటే సాలు. ఏడాదికోసం తెలుగెందుకు?" అన్నాడు.

నాకు అప్పుడే కోపం వచ్చింది. ఆ ఆడవాళ్ళలో చాలామందికి హిందీ కూడా రాదు. వాళ్ళతో మాట్లాడే అవసరం ఎవరికైనా ఉంటుందన్న ఆలోచనే ఆ మనిషికి లేదు. ఆరోజు టీ టైములో నేను ఆమెను క్యాంటీన్ బయట చింతచెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టాను. మా ఇద్దరి మధ్య మాటలన్నీ ఇంగ్లీషులోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ముందు 'నమస్తే' చెప్పాను. అది ఆమెకు విమానంలోనే వచ్చేసిందట. కానీ 'తే' దగ్గర ఆమె నాలుక పైకి పోతోంది. "నాలుక కొసను పళ్ళకు ఆనించు, అంగిలికి కాదు," అన్నాను. రెండోసారికే కుదిరింది. తర్వాత 'అక్కా'. ఆమె 'అకా' అంటోంది. "క దగ్గర గాలిని గొంతులో ఒక్క క్షణం ఆపి వదులు. తలుపు తట్టబోయి చెయ్యి ఆపినట్టు." ఆమె కళ్ళు మూసుకుని నాలుగుసార్లు అంది. మా క్యాంటీన్ వంటామె లోపల్నించి, "ఏందమ్మా, ఎవల్ని పిలుస్తున్నరు?" అంటూ తొంగిచూసింది. అంటే వచ్చినట్టే.

'మంచిగున్నరా' కొంచెం కష్టపెట్టింది. వాళ్ళ భాషలో మాటకు చివరినుంచి రెండో అక్షరం మీద ఊనిక పడుతుందట. అందుకని ప్రతి మాటనూ ఒకచోట ఎత్తి కింద పడేస్తోంది. "మాకు ఎక్కడా ఎత్తు ఉండదు. చేటలో గింజలు పరిచినట్టు సమంగా పోవాలి. ఒక్క 'న్న' దగ్గర మాత్రం నాలుకను కాసేపు అక్కడే ఉంచు," అన్నాను. అయితే మాటల చివర మాత్రం నేనేమీ చెప్పనవసరం లేకపోయింది. వాళ్ళ మాటలు కూడా మన మాటల్లాగే అచ్చుతోనే ముగుస్తాయి. ఆ సంగతి తెలిసి ఇద్దరం ఊళ్ళో బంధువులు కలిసినంత సంతోషపడ్డాం.

"తిన్నరా అని అడుగుతారు. భోజనానికి పిలుస్తున్నారనుకోకు. ఏం తిన్నావో కూడా చెప్పనక్కర్లేదు. తిన్న అంటే చాలు."

"తినకపోతే?"

"తినకపోయినా తిన్న అనే అంటాం."

"అబద్ధం కదా."

"పలకరింపు," అన్నాను. ఆమె నవ్వింది. వాళ్ళ ఊళ్ళో పలకరింపు మొదలుపెడితే మేకల దాకా అందరి క్షేమమూ అడిగితేనే గాని అసలు పనిలోకి దిగరట.

చివర్లో సెలవు తీసుకునే మాట చెప్పాను. "పోతున్న అనకూడదు. పోయొస్తా అనాలి. 'పో' సాగదీయి, 'యొ' చిన్నగా అను, 'స్తా' మళ్ళీ సాగదీయి. పోతున్న అంటే పోవడం ఒక్కటే. పోయొస్తా అంటే తిరిగి వస్తానని మాట ఇచ్చినట్టు. గుమ్మం దాటే ప్రతిసారీ ఇదే." ప్రతిసారీ అన్నాను. నా నోటితోనే అన్నాను. చావింటి గుమ్మం నా తలపులోకే రాలేదు.

మర్నాడు ఆమె షెడ్డులోకి వెళ్ళి, మొదటి వరసలో కూర్చున్న, చిట్కుల్ ఊరి నుంచి వస్తుందని మేం చిట్కుల్ అక్క అనే ఆమె ముందు వంగి, "నమస్తే అక్కా. మంచిగున్నరా?" అంది. ఆ అక్క మా సంఘం మనిషే. ఆదివారం నా వెనక వరసలో కూర్చుంటుంది.

"మంచిగున్న గని, నువ్వు తిన్నవా?" అంది అక్క ఆమె ముఖంలోకి చూసి.

"తిన్న."

"ఏం దిన్నవ్?"

ఈమె నావైపు తిరిగింది. నేను చెప్పిన నియమం మొదటిరోజే తప్పింది. షెడ్డంతా నవ్వు. పక్కనున్నామె, "చెప్పుమను, మాగ్గూడ తెల్వాలె, అంత ఎత్తు పెరగనీకి ఏం దింటరో," అంది. ఆ రోజు నుంచి మాటలు ఆగిపోవడం పోయింది. చిట్కుల్ అక్క తన డబ్బాలోంచి మామిడికాయ తొక్కు ఆమె చపాతీ మీద పెట్టేది. సాయంత్రం షిఫ్టు అయ్యాక ఆమె ప్రతి చేట దగ్గరా ఆగి 'పోయొస్తా' అనేది. "జల్దీ రా," అనేవాళ్ళు.

ఆమెను మా సంఘానికి కూడా తీసుకెళ్ళాను. మేము అక్కడ నమస్తే అనం, 'వందనాలు' అంటాం. దానికి పెద్దగా నేర్పాల్సిందేమీ లేదు, చివరి 'లు' దగ్గర పెదవులు చిన్నగా చుట్టి వెంటనే వదిలేయమన్నాను. మొదటి ఆదివారం ఆమె తలుపు దగ్గర నిలబడి అందరికీ వందనాలు చెప్పింది. మా సంఘపెద్ద పొంగిపోయి ఆమెను ముందు కుర్చీలో కూర్చోబెట్టాడు. "దేశం గాని దేశం బిడ్డ మన భాషల వందనాలు చెప్తున్నది. ఇదే దేవుని కార్యం," అని మైకులో చెప్పాడు. ఇంటికి దూరంగా ఉన్న మనిషికి కూర్చోవడానికి ఒక చోటు దొరికింది. ఆమెకు అంతకంటే ఏమీ అక్కరలేదు. ఆ చోటే పోబోయింది.

చిట్కుల్ అక్క భర్తకు పొలం దగ్గర గుండె ఆగింది. ఆస్పత్రికి చేరేలోపే అయిపోయింది. సమాధుల దగ్గర మట్టి జరిగిన మర్నాడు నేనూ కెన్యా ఆవిడా వెళ్ళాం. చిన్న ఇల్లు. ముందుగదిలో ఆడవాళ్ళు నేల మీద కూర్చున్నారు. అక్క గోడకు ఆనుకుని ఉంది. ఈమె వెళ్ళి ఆమె పక్కన కూర్చుని చేయి పట్టుకుంది. చాలాసేపు అలాగే ఉంది. ఏడవమని గానీ, ఏడవద్దని గానీ అనలేదు. నాకు అది నచ్చింది. మనవాళ్ళకు ఏదో ఒకటి చెప్పకుండా కూర్చోవడం రాదు.

లేచే వేళ నేను అలవాటు ప్రకారం మాట లేకుండా లేచాను. చావింట్లో ఎవరూ చెప్పి వెళ్ళరు. తల వంచుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోతారు. నా వెనక ఆమె గుమ్మంలో ఆగింది. చేతులు జోడించింది. ఎత్తు లేకుండా, తొందర లేకుండా, నేను నేర్పినదానికంటే చక్కగా, "పోయొస్తా అక్కా," అంది.

అక్క ఆడబిడ్డ పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత తీసేసి, "మళ్ళొస్తదంట. ఇంకెవల్ని సాగనంపనీకో," అంది. ఎవరూ ఆమెను వారించలేదు. ఆ గదిలో సగంమంది మా సంఘంవాళ్ళే. మరణపు ముల్లు విరిగిందని పాటలు పాడేవాళ్ళే.

కెన్యా ఆవిడకు ఆ మాట అర్థం కాలేదు. ఆటోలో, "నేను సరిగ్గా అన్నానా?" అని అడిగింది. "బాగా అన్నావు," అన్నాను. ఉచ్చారణ గురించే అడిగిందనుకున్నాను. అందుకే అలా జవాబిచ్చాను. చావు జరిగిన ఇంటికి మళ్ళీ వస్తానంటే మళ్ళీ చావు వస్తుందని మనవాళ్ళ భయం. మా నాన్న ఆ భయాన్ని కాలికింద తొక్కేవాడు. చావింట్లో కావాలనే, "మళ్ళ వస్త బిడ్డా, ఒక్కదానివి గావు," అని చెప్పి మరీ లేచేవాడు. ఆయన కూతురిని అయ్యుండీ నేను మాట లేకుండా లేచాను. ఏ నమ్మకమూ లేని ఒట్టి అలవాటు. దాని ముందు ఈమె మాటే నాకు విశ్వాసంలా వినిపించింది.

కొన్నాళ్ళకు ఆ ఇంటి ముసలామె, అక్క అత్త, బాత్రూంలో పడింది. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. ఇంకేముంది. ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులు విడిచే చోట సంఘపెద్ద నన్ను ఆపాడు. ఆయన భార్య పక్కన నిలబడింది.

"అమ్మా, బుధవారం చిట్కుల్‌ల ఆదరణ కూడిక ఉంది. నువ్వు రా. ఆమెను జెర వద్దను."

ఆదరణ కూడిక అంటే పోయినవారి ఇంటికి సంఘమంతా వెళ్ళి ప్రార్థించి, ఉన్నవారిని ఓదార్చి, భోజనం చేసి వచ్చేది. దానికి ఒక మనిషిని రావద్దనడం నేను ఎన్నడూ వినలేదు.

"ఎందుకయ్యగారూ?"

"ఎందుకంటే ఏం జెప్పాలె. ఇంట్లవాళ్ళు పరేషాన్‌ల ఉన్నరు. ఆమె గా మాటన్నది, ఈడ ముసలామె పడ్డది."

"ముసలామె పడ్డది బాత్రూంల. మాట మీద కాలేసి పడలే."

"నేను నమ్ముతనా ఏంది? నేన్నమ్మ. కని బలహీనులుంటరు. బలహీనులకు అడ్డురాయి గావొద్దని నీకు నేను జెప్పాల్నా? మీ నాయన నాకు జెప్పిన మాటే అది."

మా నాన్న ఆ మాటను అహంకారుల కోసం చెప్పేవాడు, పిరికివాళ్ళు దాక్కోవడానికి కాదు.

"బలహీనులను బలపర్చుమని మిమ్ముల పెద్దగ పెట్టుకున్నం. వాళ్ళ వెనక నక్కి నిలవడుమని గాదు."

"నోరు జూసుకొని మాట్లాడు," అంది ఆయన భార్య. "పిల్లలు గూడ ఆమెను జూసి జడుసుకుంటున్నరు. గా రంగు, గా ఎత్తు. అయ్యగారు మంచికే జెప్తున్నరు."

ముందు కుర్చీలో కూర్చోబెట్టిన నాడు ఆ రంగే ఉంది, ఆ ఎత్తే ఉంది. ఆ మాట అనబోయాను. కోపం ఎక్కువైతే నాకు మాట రాదు, ఏడుపు వస్తుంది. వాళ్ళ ముందు ఏడవడం ఇష్టం లేక వచ్చేశాను. బస్సులో సంగారెడ్డిలో మా ఇంటికి చేరేదాకా పళ్ళు కొరుకుతూనే ఉన్నాను. ప్రార్థన చేద్దామని చూశాను. నా ప్రార్థనలో ఆ ఇద్దరి గురించి వచ్చిన మాటలు దేవుడికి కూడా చెప్పదగినవి కావు.

సోమవారం ల్యాబ్‌లో ఆమెకు మొత్తం చెప్పాను. దాచడం ఆమెను ఇంకా అవమానించడమే అనిపించింది. ఆమె మొలకల కాగితం విప్పుతోంది. చెబుతున్నంతసేపూ చేతిలో పట్టకారు అలాగే ఉంది.

"చావింట్లో ఆ మాట అనకూడదా?"

"అనరు. నాకు నేర్పడం తట్టలేదు."

"అంటే, వాళ్ళు నేను తిరిగి రాకూడదనుకుంటున్నారు."

"అవును."

ఆమె పట్టకారు కింద పెట్టింది. "కానీ నేను వెళ్తూనే ఉన్నాను కదా."

నాకు అర్థం కాలేదు. అప్పుడు చెప్పింది. షిఫ్టు అయ్యాక ఇస్నాపూర్ చౌరస్తాలో దిగి, రోజు విడిచి రోజు, చిట్కుల్ ఇంటికి నడిచి వెళ్తోందట. వాళ్ళ ఊళ్ళో భర్త పోయిన మనిషిని చాలా వారాల దాకా సాయంత్రాలు ఒంటరిగా వదలరట. అక్క బియ్యం ఏరుతుంటే ఈమె కూడా ఏరుతుందట, గిన్నెలు కడుగుతుందట. ముసలామెను ఆస్పత్రిలో పెట్టినప్పుడు ఇంటి దగ్గర ఒక్కతే ఉన్న అక్కతో కూర్చుందట. మాటలేవీ లేవు. "తిన్నవా అక్కా" ఒక్కటే.

"నువ్వే చెప్పావు. ఆ మాట అంటే తిరిగి వస్తానని మాట ఇచ్చినట్టని. ఇచ్చాను కాబట్టి వెళ్ళాను," అంది. తర్వాత ఆమె ముఖం మారింది. "నేను గిన్నెలు కడుగుతుంటే ఆ ఇంట్లోవాళ్ళు నన్ను చూసి భయపడుతున్నారా? ఇన్ని రోజులూ?"

"అక్క కాదు. మిగతావాళ్ళు."

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఆమెకూ కోపం వచ్చింది. ఆమె కోపం నాలాంటిది కాదు, నిటారుగా నిలబడుతుంది. "అది ఆ అక్క ఇల్లు. ఆమె వద్దంటే రాను. మీ పెద్దమనిషి వద్దంటే మాత్రం వస్తాను," అంది.

బుధవారం గల్లీలో షామియానా వేశారు. ప్లాస్టిక్ కుర్చీలు. ఫ్యాక్టరీల వైపునుంచి సాయంత్రపు ఘాటు వాసన. మేమిద్దరం వెళ్ళగానే కుర్చీలు జరిగాయి. మా చుట్టూ రెండేసి కుర్చీలు ఖాళీ అయ్యాయి. సంఘపెద్ద నావైపు చూసి చూపు తిప్పుకున్నాడు. కెన్యా ఆవిడ అందరికీ వందనాలు చెప్పింది. నాలుగైదు గొంతులు నసిగాయి. నేను చెప్పదలచుకున్నదంతా మనసులో వరుసపెట్టుకుని వచ్చాను. సాక్ష్యం చెప్పే సమయం, అంటే ఎవరైనా లేచి మాట్లాడే వేళ, ఇచ్చినప్పుడు లేస్తాను. ఎవరు ఆపినా ఆగను. ఈ సంఘంలో ఇదే నా ఆఖరి మాటైనా సరే.

నా దాకా రానేలేదు. పాట అయిపోగానే ఆడబిడ్డ లేచి, అందరికీ వినబడేలా, "ఈమెను ఎవలు పిలిచిన్రు? వద్దని జెప్పలేదా?" అంది.

సంఘపెద్ద గొంతు సవరించుకున్నాడు. "కూసో అమ్మా. ప్రార్థన జేస్కుందం," అన్నాడు.

గుమ్మంలో కూర్చున్న చిట్కుల్ అక్క తల ఎత్తింది. ఆమె గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. ఆరోజూ గట్టిగా మాట్లాడలేదు.

"నేనే పిలిచిన వదినె."

"నీకు తెలివుందా? గా మాటన్నంక అత్తమ్మ..."

లోపలి మంచం మీదనుంచి ముసలామె అరిచింది. "సబ్బు మీద కాలేసి పడ్డనే. ఎన్నిసార్లు జెప్పాలె మీకు?"

వెనక వరసలో ఎవరో ఫక్కుమన్నారు. అక్క నవ్వలేదు. ఆడబిడ్డ వైపు కూడా చూడలేదు. సంఘపెద్దనే చూస్తూ అంది.

"ఆమె వస్త అన్నది. అన్నట్టె వచ్చింది, వస్తనే ఉన్నది. మీరెవ్వలు అనలే అయ్యగారూ. ఎవ్వలు రాలే. మట్టి నాడు పోయినోళ్ళు, ఇగో ఇయ్యాల వచ్చిన్రు. నేను ఈ గోడకు కూసొని ఏ పొద్దు ఎవలొస్తరా అని జూసిన. ఈమె ఒక్కతే వచ్చింది."

తర్వాత ఆమె పక్కనున్న స్టూలు లాగి కెన్యా ఆవిడను రమ్మని చేయి ఊపింది. ఈమె లేచి, అందరి మధ్య నుంచి నడిచి వెళ్ళి అక్క పక్కన కూర్చుంది. ఏం జరిగిందో సగమే తెలుసు. కూర్చోమన్నది మాత్రం తెలిసింది.

నేను వరుసపెట్టుకున్న మాటలన్నీ నాలోనే ఉండిపోయాయి. నా మాటలకంటే అక్క మాటలు మంచివి. అయినా నా కోపం తగ్గలేదు. ఎందుకంటే, ఆ తర్వాత సంఘపెద్ద ఏమీ జరగనట్టు గ్రంథం తెరిచి ఓదార్పు గురించి ప్రసంగించాడు. చక్కగా ప్రసంగించాడు. అది మరీ మండించింది. అన్నాలు పెడుతున్నప్పుడు నా దగ్గరికి వచ్చి, "అంత మంచిగనే అయింది గదమ్మా. ఇగ కోపమెందుకు?" అన్నాడు.

"మంచిగ జేసింది మీరు గాదు. ఆమెకాడికి పోయి తప్పయిందని చెప్పుండ్రి. తెలుగుల చెప్పినా సరే, నేను అర్థం జెప్త."

"చూద్దాం," అన్నాడు.

ఆ 'చూద్దాం' ఇంకా అక్కడే ఉంది. పొద్దు గుంకేలోపు కోపం చల్లార్చుకోవాలని నేను చిన్నప్పుడే నేర్చుకున్నాను, పిల్లలకూ నేర్పాను. ఇదొక్కటి నావల్ల కావడం లేదు. ఆదివారాలు వెళ్తున్నాను, ఆయనకు వందనాలు చెప్తున్నాను, చేతులు జోడిస్తున్నాను, లోపల మాత్రం పళ్ళు బిగుసుకునే ఉంటున్నాయి. కెన్యా ఆవిడ ముందు కుర్చీలో కూర్చోవడం మానేసింది. వెనక వరసలో, చిట్కుల్ అక్క పక్కన కూర్చుంటుంది. అక్క ఆమెకు పాటల పుస్తకంలో వేలు పెట్టి చూపిస్తుంది. ఆ అక్షరాలు ఈమెకు రావని తెలిసీ చూపిస్తుంది. ఈమె ఆ వేలి వెంబడే చూస్తుంది.